నలభై అయిదు రోజుల కుక్కపిల్ల, ఆరు నిమిషాల వీడియో

ఆ వీడియోకు మేం మొదట పెట్టిన పేరు ‘కుక్కకు పిడుదులా? ఒక్క రోజులో మాయం!’ పెట్టింది నేనే. మా పిన్ని కొడుకు పశువైద్యుడు. సాయంత్రం క్లినిక్ కట్టేశాక తను మాట్లాడతాడు, నేను ఫోన్‌లో తీస్తాను. ఎడిటింగ్, పేరు, కింద రాసే వివరణ, అన్నీ నా వంతు. యూట్యూబ్‌లో కుక్కలూ పిల్లుల గురించి తెలుగులో చెప్పే చిన్న చానెళ్లు చాలానే ఉన్నాయి, వాటిలో మాదొకటి.

వీడియోలో ఉన్నది మూడేళ్ల జర్మన్ షెపర్డ్, మగది, 32 కిలోలు. చెవుల్లో, కాలివేళ్ల మధ్య పిడుదులు గుత్తులుగా ఉన్నాయి. దాని ఒంటికి అమిట్రాజ్ అనే మందును నీళ్లలో కలిపి పట్టించడం చూపించాం. పెట్టిన పేరుకు చూసేవాళ్లు బాగానే వచ్చారు. మూడో వారంలో ఒక సాయంత్రం క్లినిక్ నంబరుకు ఫోన్ వచ్చింది. “సార్, మీ వీడియోలో చెప్పినట్టే చేశామండీ. పిల్ల లేవట్లేదు. ఒళ్లు చల్లగా అయిపోయింది” అని అవతల ఒకావిడ ఏడుస్తోంది. తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్న “ఎన్నాళ్ల పిల్లమ్మా?” “నలభై అయిదు రోజులండీ. ల్యాబ్.”

గోరువెచ్చని నీళ్లతో ఒంటిమీది మందు కడిగేయమన్నాడు. పొడి తువ్వాలు చుట్టి, దగ్గర్లో ఉన్న డాక్టర్ దగ్గరికి వెంటనే పట్టుకెళ్లమన్నాడు. వాళ్ల ఊళ్లో డాక్టర్ రాత్రంతా సెలైన్ పెట్టి, ఒంటికి వేడి తగిలేట్టు చూసి, పిల్లను నిలబెట్టాడు. అమిట్రాజ్ మోతాదు మించితే జంతువు మత్తుగా పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది, ఒంటి వేడి తగ్గుతుంది. పసిపిల్లల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. వాటి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, మందును విరిచేసే కాలేయానికి ఇంకా బలం చాలదు. పైగా ఒళ్లు నాక్కుంటాయి. అందుకే మూడు నాలుగు నెలలు నిండని పిల్లలకు ఆ మందు పట్టించరు.

“అన్నయ్యా, నేను వీడియోలో చెప్పాను కదా, చిన్నపిల్లలకు వాడొద్దని!” అన్నాడు తమ్ముడు. నిజమే, చెప్పాడు, నాలుగో నిమిషంలో. మందు కలిపి పట్టించే భాగం మాత్రం రెండో నిమిషంలోనే ఉంది. ఆవిడ పేరు చూసి తెరిచింది, వేలితో గీత జరిపి మందు దగ్గరికి పోయింది, సీసా పేరు చదువుకుని వీడియో ఆపేసింది. ఆవిడ చేసింది అందరం చేసేదే. ‘కుక్కకు’ అని రాశాం. తన దగ్గరున్నదీ కుక్కే కదా.

ఆ రాత్రి కూర్చుని పేరు మార్చడం మొదలుపెట్టాం. అప్పటిదాకా జాతి, వయసు, సమస్య అనే మూడు మాటల్ని నేను వెతికేవాళ్లకు దొరకడానికి వేసే ఎరగానే చూశాను. తమ్ముడికి అవి చీటీలో మొదటి పంక్తి. మందు రాసే ముందు ఏ డాక్టరైనా రాసుకునేది అదే: ఏ జాతి, ఎంత వయసు, ఎంత బరువు, ఏమైంది. వీడియో పేరులోకి ఆ పంక్తిని తెస్తే చాలన్నాడు.

వయసుతో మొదలుపెట్టాం. మన దగ్గర జనం వయసును మూడు రకాలుగా లెక్కపెడతారు. రెండు నెలల్లోపు పిల్లకు రోజుల్లో, ఏడాదిలోపు నెలల్లో, ఆ తర్వాత ఏళ్లలో. వెతికేటప్పుడూ అలాగే టైపు చేస్తారు. ‘ఆరు వారాల పిల్ల’ అని తెలుగులో ఎవరూ వెతకరు, `45 days puppy` అనే వెతుకుతారు. ఆ 45కు కారణం అమ్మకం. పిల్లను తల్లి దగ్గర్నుంచి తీసి అమ్మేది ఎక్కువగా ఆ వయసులోనే. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదంటాయి, అంటే 56 రోజులు. బజారు లెక్క వేరు. పేరులో 45 అని రాస్తే బజారునే ఒప్పుకున్నట్టవుతుందేమోనని నాకు కాస్త ఇబ్బందిగా ఉండేది. కానీ ఆ వయసు పిల్ల ఒళ్లో పెట్టుకుని కంగారుపడేవాళ్లు వెతికే మాట అది. అది లేకపోతే వాళ్లు మూడేళ్ల కుక్క వీడియోకే వెళ్తారు.

జాతి దగ్గర తమ్ముడికీ నాకూ వాదన జరిగింది. పిడుదులకు జాతితో పనేంటి, ఏ కుక్కనైనా పడతాయి కదా అన్నాను. పిడుదు జాతి చూడదు, మందు చూస్తుందన్నాడు. పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదిని పిడుదులకనో గజ్జికనో కుక్కలకూ వేయించడం పల్లెల్లో మామూలు. కోలీ అనే గొర్రెల కాపరి జాతి కుక్కల్లో చాలావాటికి ఒక జన్యువులో లోపం ఉంటుంది. దానివల్ల ఆ మందు మెదడులోకి దూసుకుపోతుంది. ఎక్కువ మోతాదు పడితే కళ్లు కనబడక, తూలి, కోమాలోకి పోతాయి. ఆ లోపాన్ని 2001లో అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు గుర్తించారు. మన ఊళ్లలో కోలీలు అరుదు, జర్మన్ షెపర్డ్‌లు మాత్రం వీధికొకటి ఉంటాయి. వాటిలోనూ కొన్నిటికి ఆ లోపం ఉంటుంది. అమిట్రాజ్ సంగతికొస్తే చివావా లాంటి బుల్లి జాతికి అది పనికిరాదు. ఇంకోటి, పిడుదుల నుంచి వచ్చే ఎర్లీకియా జ్వరం ముదిరితే జర్మన్ షెపర్డ్‌ను మిగతా జాతులకన్నా ఎక్కువగా కుంగదీస్తుంది. ఇంత విన్నాక నేను నోరు మూసుకున్నాను.

జాతి పేరు రాయడంలోనూ తిప్పలున్నాయి. మన ఇళ్లలో పొమేరియన్ అని పిలిచే తెల్ల కుక్కల్లో చాలామట్టుకు ఇండియన్ స్పిట్జ్‌లు. డాక్టర్ స్పిట్జ్ అని రాస్తే యజమానికి అది తన కుక్క అనిపించదు. షీట్జూను `shitzu` అనే టైపు చేస్తారు. నాటు కుక్కకైతే అసలు ఏ జాతి పేరూ పెట్టరు. దాన్ని పెంచుకునేవాళ్లు ‘వీధి కుక్క పిల్ల’ అని వెతుకుతారు. అందుకని పేరులో సరైన మాట, వివరణ మొదటి వాక్యంలో జనం వాడే మాట రాయడం అలవాటు చేసుకున్నాం. ‘ఇళ్లలో పొమేరియన్ అని పిలిచే ఈ స్పిట్జ్‌కు’ అని ఒక్క వాక్యంలో రెండూ వచ్చేస్తాయి. తప్పు స్పెల్లింగులు రాసుకోవడానికి ట్యాగుల గడి ఉంది, మొత్తం 500 అక్షరాల దాకా పడతాయి. ట్యాగుల వల్ల వీడియో పైకొస్తుందని చాలామంది నమ్మకం. వాటి పాత్ర చాలా తక్కువని, తరచుగా తప్పు రాసే మాటలకు పనికొస్తాయని యూట్యూబే చెబుతుంది. ఆ ట్యాగుల్ని తెచ్చి వివరణలో పేరాలకు పేరాలు కుమ్మరించడం మాత్రం దాని నియమాలకు విరుద్ధం.

మూడోది సమస్య. ఇక్కడ డాక్టర్లు చేసే తప్పు వేరు, నాలాంటివాళ్లు చేసే తప్పు వేరు. డాక్టర్ రోగం పేరు రాస్తాడు. యజమానికి రోగం తెలియదు, కంటికి కనబడేదే తెలుసు. ‘పార్వో చికిత్స’ అని పేరు పెట్టిన వీడియోకు తన కుక్కకు పార్వో అని ముందే తెలిసినవాడే వస్తాడు. ‘రెండు నెలల పిల్లకు వాంతులు, రక్త విరేచనాలు’ అని రాస్తే తెలియనివాడూ వస్తాడు. అతనే తొందరగా రావలసినవాడు. నా తప్పు ఇంకోరకం. ‘ఒక్క రోజులో మాయం’ అన్నది సమస్య కాదు, హామీ. అదీ అబద్ధపు హామీ. కుక్కమీది గోధుమరంగు పిడుదు పుట్టినప్పటి నుంచి మూడుసార్లు కుక్కను పట్టి రక్తం తాగి, మూడుసార్లూ కిందికి రాలుతుంది. చివరికి ఆడపిడుదు గోడ పగుళ్లలో, గడప సందుల్లో, కుక్క పడుకునే గోనెపట్టా కింద వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్కమీద కనబడేది ఇంట్లో ఉన్నవాటిలో కొంతే. ఈ రోజు ఒళ్లంతా శుభ్రం చేసినా వారానికి మళ్లీ ఎక్కుతాయి. అప్పుడు యజమాని మందు పనిచేయలేదనుకుని ఇంకాస్త చిక్కగా కలుపుతాడు. నా ఆశ్చర్యార్థకం అలా మోతాదు పెంచుతుందని నాకప్పుడు తట్టలేదు.

పిడుదు అనే మాట కూడా అందరిదీ కాదు. మేం పిడుదులంటాం, కొందరు గోమార్లంటారు, పట్నంలో టిక్స్ అంటారు. టైపు చేసేది తెలుగులిపిలోనా, ఇంగ్లిషు అక్షరాల్లోనా అన్నది మనిషిని బట్టి ఉంటుంది. అందుకే పేరులో సగం తెలుగులిపి, సగం ఇంగ్లిషు అక్షరాలు. ఇక్కడే జాగా చాలకపోవడం మొదలవుతుంది. పేరుకు యూట్యూబ్ ఇచ్చేది 100 అక్షరాలు. మన కంటికి ‘ల్యా’ ఒక్క అక్షరం. యంత్రానికి ల, పొల్లు, య, దీర్ఘం, మొత్తం నాలుగు. `Labrador` ఎనిమిదిలో అయిపోతే ‘ల్యాబ్రడార్’ పదకొండు తింటుంది. తెలుగులో పేరు రాసేవాడు ఒక్క మాట కూడా వృథా చేయలేడు. ‘షాకింగ్’, ‘అద్భుత చిట్కా’ లాంటివి ముందు పోవాలి.

అదే వీడియోకు పేరు మారిస్తే చాలదని కాసేపట్లో తేలిపోయింది. పాతదానికి మూడేళ్ల జర్మన్ షెపర్డ్ అని రాశాం, సరే. మరి ఆవిడలాంటివాళ్లకు ఏది? పసిపిల్లకు వేరే వీడియో తీయాల్సిందే. తీశాం. దాని పేరు, వివరణలో మొదటి రెండు పంక్తులు ఇవి:

```
45 రోజుల ల్యాబ్రడార్ పిల్లకు పిడుదులు: మందు కొట్టే ముందు | 45 Days Labrador Puppy Ticks Telugu

ఇది 45 రోజుల పిల్ల గురించి. పెద్ద కుక్క మందు దీనికి పట్టించొద్దు.
చిగుళ్లు తెల్లబడినా, పాలు మానేసినా ఈ రోజే పశువైద్యుడికి చూపించండి.
```

పేరు లెక్కపెడితే 94 అక్షరాలు. ఫోన్‌లో వెతికినప్పుడు పొడవాటి పేరు తోక తెగిపోతుంది కనుక వయసు, జాతి, సమస్య మొదట్లోనే ఉన్నాయి. ఇంగ్లిషు భాగం తెగిపోయినా నష్టం లేదు, అది వెతుకులాట కోసం. ఎవరూ కూర్చుని చదవరు.

వివరణలో 5000 అక్షరాల దాకా రాయొచ్చు. వీడియో కింద ఊరికే కనబడేది పైనున్న ఒకటి రెండు పంక్తులే, మిగతాది నొక్కితే తెరుచుకుంటుంది. చాలా వీడియోల్లో ఆ రెండు పంక్తుల్లో సబ్‌స్క్రైబ్ చేయమనీ, ఇన్‌స్టాగ్రామ్‌లో కలవమనీ ఉంటుంది. అన్నిటికన్నా అడుగున ‘ఇది సమాచారం కోసం మాత్రమే, మీ పశువైద్యుణ్ణి సంప్రదించగలరు’ అని ఒక వాక్యం పడుకుని ఉంటుంది. మాదీ అలాగే ఉండేది. కోర్టుకు చూపించుకోవడానికి తప్ప ఆ వాక్యం దేనికీ పనికిరాదు. సంప్రదించమంటే ఎప్పుడు? ఏం కనబడితే? రేపు చూద్దామంటే కుదురుతుందా?

తమ్ముడు ఆ వాక్యాన్ని విప్పి రాశాడు. పిడుదులున్న కుక్క మామూలుగా తింటూ తిరుగుతుంటే ఒకటి రెండు రోజుల్లో చూపించినా ఫరవాలేదు. పై పెదవి ఎత్తి చూడండి. చిగురు గులాబిరంగులో ఉండాలి. పాలిపోయి తెల్లగా ఉంటే పిడుదులు రక్తం తోడేశాయనో, వాటి ద్వారా జ్వరం పట్టుకుందనో అర్థం. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చినా, ముక్కునుంచి రక్తం కారినా ఆగకూడదు. పసిపిల్ల అయితే పాలు మానేయడం ఒక్కటే చాలు. ఇలా రాస్తే చదివినవాడు లేచి వెళ్లి కుక్క పెదవి ఎత్తి చూస్తాడు. ఎక్కడికెళ్లాలో కూడా ఒక ముక్క చేర్చాం. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనాలు ప్రధానంగా పాడిపశువుల కోసం. పెంపుడు కుక్కకు దగ్గర్లో ప్రైవేటు డాక్టర్ దొరక్కపోతే గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్‌లలో పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి.

ఎంత నీటికి ఎంత మందు కలపాలో మాత్రం వివరణలో రాయడం మానేశాం. ఇది తమ్ముడి పట్టుదల. మాటల్లో చెప్పింది కాస్త మరిచిపోతారు, రాతలో ఉన్న అంకెను స్క్రీన్‌షాట్ తీస్తారన్నాడు. ఆ బొమ్మకు జాతి ఉండదు, వయసు ఉండదు. పసిపిల్ల వీడియోలో చూపించింది సన్నపళ్ల దువ్వెన, పట్టకారు. చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నిటారుగా లాగి సబ్బునీళ్లలో వేయడం. కిరసనాయిలు పూయొద్దనీ, అగ్గిపుల్లతో కాల్చొద్దనీ కూడా చెప్పాల్సి వచ్చింది. రెండూ చేసేవాళ్లున్నారు. మందు సంగతి పిల్లను తూచాక డాక్టరే చెబుతాడని అక్కడితో ఆపాం.

పాత వీడియోను తీసేద్దామనుకున్నాం గానీ పెద్ద కుక్కకు అది పనికొచ్చేదే. అందులో మందు భాగాన్ని వెనక్కీ, హెచ్చరికను ముందుకూ జరిపి కొత్తగా పెట్టాం. వివరణలో భాగాలకు సమయాలు రాస్తే గీతమీద విడివిడిగా కనబడతాయి. అవి 0:00తో మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఏ భాగమూ పది సెకన్లకు తగ్గకూడదు. మావి ఇవి:

```
0:00 ఈ కుక్క: జర్మన్ షెపర్డ్, 3 ఏళ్లు, 32 కిలోలు
0:25 ఇవి కనబడితే వీడియో ఆపి డాక్టర్ దగ్గరికి
1:30 నాలుగు నెలల్లోపు పిల్లలకు ఇది కాదు
2:05 మందు పట్టించడం
4:20 ఇల్లు, పడక శుభ్రం
```

మందు దగ్గరికి దూకేవాళ్లు ఇప్పటికీ దూకుతారు. దూకేముందు జాబితాలో దాని పైనున్న మూడు వరసలు కళ్లబడతాయి. అంతకుమించి ఆశించలేదు.

ఈ రాతలన్నిటికీ ఒక హద్దుంది. వీడియోలోంచి ముప్ఫై సెకన్లు కోసి ఎవరో వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు. అక్కడ పేరూ ఉండదు, వివరణా ఉండదు. టీవీలో చూసేవాళ్లు వివరణ తెరవరు. చదవడం రానివాళ్ల సంగతి సరే సరి. అందుకని మందు సీసా కనబడినంతసేపూ తెరమీద ఒక మూల ‘32 కిలోల పెద్ద కుక్క’ అన్న అక్షరాలుంటాయి. సీసా చేతిలోకి తీసుకునేముందు తమ్ముడు ఆ మాట నోటితోనూ అంటాడు. కోసినా అది కూడా కోతలో పోతుంది.

చూసేవాళ్లు తగ్గారు. దాచడానికేం లేదు. ‘మాయం’ అన్న మాటకు వచ్చిన జనంలో సగం కూడా ‘3 ఏళ్ల జర్మన్ షెపర్డ్’కు రాలేదు. కాకపోతే వచ్చినవాళ్లు చివరిదాకా ఉంటున్నారు. క్లినిక్‌కు వచ్చే ఫోన్లు కూడా మారాయి. మునుపు “సార్, మందు పేరేంటి?” అని మొదలయ్యేవి. ఇప్పుడు కొందరు “సార్, మాది రెండు నెలల పగ్, మూడు కిలోలుంది” అని మొదలుపెడుతున్నారు.

మొన్న తమ్ముడు కొత్త వీడియో కోసం చీటీ ఇచ్చాడు. ‘పర్షియన్ పిల్లి, మగ, 3 ఏళ్లు. మూత్రనాళంలో అడ్డు.’ ఇది వాడి భాష. యజమాని ఏం చెప్పి తెచ్చాడని అడిగాను. “మలబద్ధకం అనుకున్నారన్నయ్యా. ఇసుక డబ్బాలో కూర్చుని ముక్కుతోందట. రెండు రోజులు ఆముదం పట్టారు” అన్నాడు. మగపిల్లికి మూత్రం పూర్తిగా ఆగితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. అంటే వీడియోలో చూపించడానికి చిట్కా కూడా లేదు. హెచ్చరిక ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నే రాలేదు, అదే పేరైంది. అక్షరాలు లెక్కపెట్టుకుంటూ టైపు చేశాను: ‘3 ఏళ్ల మగ పర్షియన్ పిల్లి ముక్కుతోందా? మూత్రం ఆగిందేమో, ఇప్పుడే డాక్టర్ దగ్గరికి’.